జవాబు తెలిసిన పిల్లాడే కోడ్ ఎందుకు చెప్పేశాడు?

"గుంటూరులో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతికి సైబర్ సేఫ్టీ పాఠం కూడా నాకే అప్పగించారు. పాస్‌వర్డులు, మోసాలు, ప్రైవసీ మూడూ అందులోనే. ఊరికే చెప్తే వినరని పన్నెండు సన్నివేశాల కార్డులు రాశాను. 'తెలియని వ్యక్తి ఫోన్ చేసి ఓటీపీ అడిగాడు, నువ్వేం చేస్తావు?' ఇలాంటివి. క్లాసు బాగా జరిగింది, ప్రతి గుంపూ సరైన జవాబే చెప్పింది. పదిహేను రోజులు తిరక్కుండానే, ఆ రోజు అందరికంటే చక్కగా మాట్లాడిన అబ్బాయే వాళ్లమ్మ ఫోన్‌కి వచ్చిన వాట్సాప్ కోడ్ చెప్పేశాడు. అడిగింది వాళ్ల క్లాస్‌మేట్ నంబరు నుంచే. తర్వాత అమ్మ పేరుతో బంధువులందరికీ డబ్బు కావాలని మెసేజీలు వెళ్లాయి. వాళ్ల పిన్ని ఎనిమిది వేలు పంపేసింది. అబ్బాయి మూడు రోజులు ఇంట్లో నోరు విప్పలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. ఫోటో పెట్టి బెదిరించే కార్డు ఒకటి రాశాను. అది చదివాక ఒక అమ్మాయి బయటికి వెళ్లిపోయింది, రెండు రోజులు స్కూలుకు రాలేదు. అడగాలా వద్దా తెలియడం లేదు. కార్డులు ఆపేసి పోలీసువాళ్లతో ఒక గంట చెప్పిద్దామని హెడ్మాస్టరు గారు అంటున్నారు. పది రోజుల్లో మళ్లీ క్లాసు. కార్డులు మానేయాలా? ఆ అబ్బాయికి జరిగిందే కార్డుగా రాయొచ్చా?"

— ఒక టీచర్, గుంటూరు

టీచర్ గారూ,

ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం. పాఠం పది రోజులు ఆగుతుంది, ఇది ఆగదు.

ఆమెకు నిజంగా ఏదైనా జరిగిందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కార్డు చదివి భయపడి ఉండొచ్చు, అక్కకో స్నేహితురాలికో జరిగింది గుర్తొచ్చి ఉండొచ్చు, ఒంట్లో బాగోకపోయి ఉండొచ్చు. అందుకని "నీకేమైనా అయిందా?" అని అడగకండి. క్లాసు అయ్యాక, నలుగురూ తిరిగే చోటే ఒక పక్కకి పిలిచి, "ఆ రోజు కార్డు నేను సరిగ్గా రాయలేదమ్మా, అందరి ముందూ చదివించాల్సింది కాదు. నీకెప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నేను లంచ్ టైమ్‌లో స్టాఫ్ రూమ్‌లో ఉంటాను" అనండి. తప్పు కార్డుది అంటే ఆ పిల్ల తల దించుకోనక్కర్లేదు. ఆ మాట అక్కడితో వదిలేయండి.

ఆమె నోరు విప్పితే మాత్రం, చెప్పడం మొదలుపెట్టకముందే మీరొక మాట అనాలి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ చెబుతోంది. అది టీచర్‌కీ వర్తిస్తుంది. అందుకని "ఊరంతా చెప్పను, కానీ నీకు సాయం కావాలంటే ఒకరిద్దరికి చెప్పక తప్పదు, వాళ్లెవరో నీకు ముందే చెప్తాను" అనండి. ఫోటో చూపించమని అడగకండి. సాక్ష్యం కోసమనైనా మీ ఫోన్‌కి పంపించుకోకండి, పిల్లల అలాంటి చిత్రాలు దగ్గర పెట్టుకోవడమూ నేరమే. బెదిరించినవాడి ఐడీ, ప్రొఫైల్ లింకు, తేదీ, బెదిరింపు మాటల స్క్రీన్‌షాట్లు ఉంటే చాలు. భయంతో చాట్ అంతా డిలీట్ చేయకుండా చూడండి. చైల్డ్‌లైన్ నంబరు 1098. ఫోటో బయటికి వెళ్లిందనుకుంటే takeitdown.ncmec.org అనే ఉచిత సేవ ఉంది, పద్దెనిమిదేళ్లు నిండకముందు తీసిన ఫోటోల కోసం పెట్టింది. ఫోటో ఆ పిల్ల ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి తయారైన వేలిముద్ర లాంటి అంకెల వరస మాత్రమే వెళుతుంది, ఒప్పుకున్న సంస్థలు దాన్ని బట్టి తమ దగ్గరున్న కాపీలను వెతికి తీసేస్తాయి. అందరూ ఒప్పుకోలేదు, వాట్సాప్ చాట్లలో తిరిగేదానికి అది అందదు. అయినా తలుపులన్నీ మూసుకుపోలేదని ఆ పిల్లకు తెలియడం పెద్ద ఊరట.

ఇక ఆ కార్డు గుంపు మధ్యలో మళ్లీ పెట్టకండి. నలభై మంది ఉన్న క్లాసులో ఆ కార్డు ఎవరిదో ఒకరి సొంత కథ కావచ్చు. ఆ 1098 నంబరూ, వెబ్‌సైట్ పేరూ చిన్న చీటీ మీద రాసి క్లాసులో ప్రతి ఒక్కరికీ ఇచ్చేయండి. అందరి దగ్గరా ఉన్న చీటీని చూసి ఎవరూ ఎవరినీ అనుమానించరు.

ఇప్పుడు కార్డుల సంగతి. మానేయనక్కర్లేదు. ఆ అబ్బాయి పాఠం వినలేదని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, మీరు రాసిన కార్డుకి అతను సరైన జవాబే చెప్పాడు. అతనికి ఎదురైంది వేరే ప్రశ్న. మీ కార్డులో అడిగింది తెలియని వ్యక్తి. ఇంట్లో అడిగింది క్లాస్‌మేట్. మీ కార్డులో ఓటీపీ అనే మాట ఉంది, అది చూడగానే ఎవరైనా "చెప్పకూడదు" అనేస్తారు. నిజంగా మోసం చేసేవాడు ఆ మాట వాడడు, "కోడ్ పొరపాటున నీకు వచ్చింది" అంటాడు. పైగా కార్డు దగ్గర "చెప్పను" అంటే చప్పట్లు కొడతారు. ఇంట్లో "చెప్పను" అంటే స్నేహితుడు అలుగుతాడు.

కార్డు రాసేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. అడిగేవాడు తెలిసినవాడై ఉండాలి. తొందరకు ఒప్పుకునేలా ఒక కారణం ఉండాలి. సరైన పని చేస్తే పిల్లాడికి ఏదో ఒక చిన్న నష్టం ఉండాలి. ఈ మూడోది లేకపోతే కార్డు జీకే ప్రశ్న అయిపోతుంది. ఆ అబ్బాయికి ఎదురైన మోసాన్నే తీసుకుని (కథ మార్చి, అదెందుకో కింద చెప్తాను) కార్డు ఇలా ఉండొచ్చు:

"ఆదివారం సాయంత్రం 6:40. అమ్మ వంటింట్లో ఉంది, అమ్మ ఫోన్ నీ దగ్గరుంది. ట్యూషన్ ఫ్రెండ్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది: 'ఒరేయ్, కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసుకుంటుంటే కోడ్ పొరపాటున మీ అమ్మ నంబరుకి పోయింది. ఒక్కసారి చెప్పవా, రేపటి ప్రాజెక్ట్ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.' అంతలోనే ఎస్ఎంఎస్ వచ్చింది, ఆరంకెలు. నువ్వు ఇప్పుడు ఏం టైప్ చేస్తావు? ఉన్నదున్నట్టు రాయి."

"ఏం చేస్తావు" అని అడగలేదు, గమనించండి. "ఏం టైప్ చేస్తావు" అని అడిగాం. మొదటిదానికి నీతి చెప్తారు, రెండోదానికి మాటలు వెతుక్కుంటారు. "కుదరదు" అని స్నేహితుడికి ఎలా రాయాలో తెలియకే చాలామంది కోడ్ రాసేస్తారు. ఆ వాక్యం ఇప్పుడు, మీ ముందు, తీరిగ్గా తయారు చేసుకోనివ్వండి. ఇంకొకటి, మొదటి నాలుగు నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లే రాయాలి, మాటల్లేకుండా. నేరుగా గుంపుకి వదిలితే చురుకైన పిల్ల ఒకతె చెప్తుంది, మిగతా ముగ్గురూ తలూపుతారు. మీకు ప్రతి గుంపూ సరిగ్గా చెప్పినట్టు కనిపించడానికి సగం కారణం ఇదే అనుకుంటున్నాను.

అందరూ రాశాక రెండో కార్డు ఇవ్వండి. దాని మీద స్నేహితుడి జవాబు ఒక్క లైను: "ఏంట్రా, నన్నే నమ్మవా? సర్లే." ఇక్కడ క్లాసులో గొడవ మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. "వాడికి ఫోన్ చేస్తా" అని ఎవరో అంటారు. వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాల్ అని మీరు కలపండి. ఆ నంబరు మీదున్న వాట్సాప్ ఇప్పుడు ఇంకొకడి చేతిలో ఉండొచ్చు, సిమ్ మాత్రం స్నేహితుడి దగ్గరే ఉంటుంది. ఇంకో తెలివైన పిల్ల "మా అమ్మ నంబరుకి వాడి కోడ్ ఎందుకొస్తుంది?" అంటుంది. ఆ ప్రశ్న దగ్గర ఆగండి, పాఠమంతా అక్కడే ఉంది. వాట్సాప్ కోడ్ ఏ నంబరును తెరవాలో ఆ నంబరుకే వస్తుంది. అమ్మ ఫోన్‌కి వచ్చిన ఆరంకెలు అమ్మ వాట్సాప్‌కే తాళంచెవి. వాడి కోడ్ పొరపాటున ఇక్కడికి రావడం అనేది ఉండదు, ఎవరో అమ్మ నంబరు కొట్టారు కాబట్టే వచ్చింది. ఇది అర్థమైన పిల్లలు మెసేజ్‌లో తేడాలు వెతకనక్కర్లేదు. అక్షర దోషాలు, వింత భాష చూసి పట్టుకోమని నేర్పితే, దోషాల్లేకుండా రాసేవాడు వచ్చిన రోజు దొరికిపోతారు.

మూడో కార్డు అన్నిటికంటే ముఖ్యం, మీ పన్నెండింటిలో ఇది ఉన్నట్టు లేదు: "కోడ్ చెప్పేశావు. నాలుగు నిమిషాల్లో అమ్మ ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయిపోయింది. అమ్మ ఇంకా వంటింట్లోనే ఉంది. ఇప్పుడు?" దీనికి పీరియడ్‌లో కనీసం పదిహేను నిమిషాలు ఇవ్వండి.

పనుల వరస ఇది. మొదట అమ్మకు చెప్పాలి. తర్వాత అమ్మ ఫోన్‌లో వాట్సాప్ తెరిచి అదే నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేయాలి. కొత్త కోడ్ ఎస్ఎంఎస్‌లో వస్తుంది, అది కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు ఈలోగా తన సొంత పిన్ పెట్టేసి ఉంటే ఆ పిన్ అడుగుతుంది. తెలియదు కాబట్టి ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది, కానీ ఎస్ఎంఎస్ కోడ్ కొట్టినందువల్ల వాడు మాత్రం అప్పటికే లాగౌట్ అయ్యాడు. ఇది తెలియక చాలామంది వాడింకా లోపలే ఉన్నాడని హడలిపోతారు. ఇంకోపక్క ఇంట్లో మరొకరు బంధువులకు మామూలు ఫోన్లు చేస్తూ ఉండాలి: "అమ్మ పేరుతో డబ్బు అడిగితే పంపకండి." పిన్నికి ఆ ఒక్క ఫోన్ అందుంటే ఎనిమిది వేలు మిగిలేవి. అప్పటికే ఎవరైనా పంపేసి ఉంటే, పంపినవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. యూపీఐ లావాదేవీలో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు, మొత్తం, సమయం, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోవాలి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి జరిగిపోతూ ఉంటుంది, మధ్యలో ఎక్కడ ఆపగలిగితే అంత వరకే దక్కే అవకాశం. మూడు రోజుల తర్వాత ఫోన్ చేస్తే ఆపడానికి అక్కడ ఏమీ మిగలకపోవచ్చు.

పీరియడ్ ముగిసే ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ అనేది ఎక్కడుందో బోర్డు మీద గీసి చూపించండి. ఆరంకెల పిన్ పెట్టుకుంటే, కోడ్ చెప్పేసినా అవతలివాడికి ఆ పిన్ కూడా కావాలి. ఇంటికెళ్లి అమ్మ ఫోన్‌లో అమ్మతోనే పెట్టించడం హోంవర్క్.

ఇలా చేస్తే ఒక పీరియడ్‌కి ఒక్క కథే అవుతుంది. పన్నెండు కార్డులంటే నలభై నిమిషాల్లో కార్డుకు మూడు నిమిషాలు, మూడు నిమిషాల్లో ఎవరూ తడబడరు. కార్డు బాగుందో లేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. రాసిన కాగితాలు తిరగేస్తే జవాబులు రెండు మూడు రకాలుగా చీలాలి. నలభై కాగితాల్లో ఒకటే మాట ఉంటే కార్డు మార్చండి.

మిగతా రెండు విషయాలకు కార్డులు మీరే రాసుకోగలరు, నాకు పనికొచ్చినవి చెప్తాను. పాస్‌వర్డుకి నేను స్నేహం తెగిన కథ వాడతాను. రోజూ స్నాప్‌లు పంపుకుంటేనే నిలిచే స్నాప్‌చాట్ స్ట్రీక్ పోకుండా పరీక్షల్లో చూసుకోమని ఒక అమ్మాయి ప్రాణ స్నేహితురాలికి పాస్‌వర్డు ఇచ్చింది, ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. మార్చేస్తే సరిపోతుందని అందరూ అంటారు. అప్పుడు రెండో కార్డు: "అదే పాస్‌వర్డు నీ జీమెయిల్‌కి కూడా ఉంది." జీమెయిల్ చేతిలో ఉంటే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కి మిగతావన్నీ తెరవొచ్చు, అందుకని మొదట మార్చాల్సింది దాన్ని. ఆ తర్వాత మిగతా డివైజుల్లో లాగౌట్ చేయాలి, రికవరీ నంబరు ఎవరిదో చూసుకోవాలి. కొత్త పాస్‌వర్డు కోసం సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలపమనండి, `munakkaya-rickshaw-eluka-godugu` లాగా. పొడవుగా ఉంటుంది, గుర్తుంటుంది. ఇది మాత్రం వాడొద్దని చెప్పండి, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది.

ప్రైవసీకి ఫోటో బెదిరింపు అక్కర్లేదు. టెన్త్ హాల్ టికెట్ ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టిన పిల్లాడి కథ చాలు. మన దగ్గర ఆ నంబరు ఉంటే రిజల్ట్స్ రోజున ఎవరైనా మార్కులు చూసేయొచ్చు. తన మార్కులు తనకంటే ముందు కాలనీ వాట్సాప్ గ్రూపులో పడడం అంటే ఏంటో గుంటూరు పిల్లలకి వివరించి చెప్పక్కర్లేదు. ప్రైవసీ అనే మాటకు అర్థం అక్కడ దొరుకుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

అన్ని కార్డులూ మోసాలే కాకుండా చూసుకోండి. అలా అయితే అన్నిటికీ "వద్దు" అనడం అలవాటవుతుంది, రెండో రోజే అది విసుగొచ్చి మానేస్తారు. నేను రెండు శుభలేఖలు జంటగా ఇస్తాను. రెండూ బాబాయ్ నంబరు నుంచే వచ్చాయి, రెండిట్లోనూ "తప్పక రావాలి" అనే ఉంది. ఒక ఫైలు పేరు `subhalekha.pdf`, రెండోది `subhalekha.apk`. మొదటిది చూసుకోవచ్చు. రెండోది శుభలేఖ కాదు, ఆండ్రాయిడ్ ఫోన్లో ఎక్కే యాప్. ఎక్కించుకుని మెసేజీలు చదివే అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీలు అవతలికి పోతాయి. బాబాయ్ పంపలేదు, ఆయన ఫోన్‌లోకి ఎక్కిన యాపే కాంటాక్టులందరికీ పంపింది.

మీ పాత కార్డుల్లో "డబ్బు రావాలంటే ఈ రిక్వెస్ట్ ఒప్పుకో" అనే యూపీఐ కథ ఉంటే తీసేయండి. వ్యక్తుల మధ్య అలా డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులు 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. పిల్లలు తమ ఫోన్లో లేనిది చూస్తే మిగతా కార్డుల్నీ నమ్మరు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు అనే మాట మాత్రం ఉంచండి.

ఆ అబ్బాయి కథ వాడాలా అన్నారు. ఉన్నదున్నట్టు వాడితే క్లాసు ఊపిరి బిగబట్టి వింటుంది, అతను మాత్రం ఏడాదంతా "కోడ్ చెప్పినోడు" అవుతాడు. పేరు మారిస్తే చాలనుకోకండి. విజయవాడలో ఒక స్కూల్లో నేను పేరూ పేటా మార్చి ఒక అమ్మాయి కథ కార్డులో పెట్టాను. మొదటి వాక్యం చదవగానే మూడు బెంచీలు వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాయి. ఆ చూపు నాకింకా గుర్తుంది, ఆమెకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. మీ ముందు రెండు దారులున్నాయి. మోసం పద్ధతి మాత్రం ఉంచి మిగతా అంతా మార్చడం ఒకటి. పైన రాసిన కార్డులో క్లాస్‌మేట్‌ని ట్యూషన్ ఫ్రెండ్ చేశాను. అమ్మ ఫోన్ కూడా గుర్తు పట్టిస్తుందనిపిస్తే తాతయ్య ఫోన్ చేయండి. లేదా అబ్బాయినే పిలిచి మూడో కార్డు రాయడంలో సాయం అడగొచ్చు. ఆ మూడు రోజులు ఎందుకు చెప్పలేకపోయాడో మీకూ నాకూ తెలియదు, అతనికి తెలుసు. ఒప్పుకుంటే ఆ కార్డుకి ప్రాణం వస్తుంది. అయితే క్లాసులో అతని పేరు రాకూడదు, ఇష్టం లేదంటే రెండోసారి అడగకూడదు. నాకు ఈ రెండోది నచ్చుతుంది, కానీ పిల్లాడు ఇంకా కుదుటపడకపోతే మొదటిదే మంచిది.

పోలీసు గంట గురించి హెడ్మాస్టరు గారితో వాదించకండి. అది కార్డుల బదులు కాకుండా కార్డుల తర్వాత పెట్టించండి. ముందే పెడితే పిల్లలు భయపెట్టే కథలు విని ఇంటికెళ్తారు. తర్వాత పెడితే పిల్లల ప్రశ్నలు చీటీల మీద పేర్లు లేకుండా రాయించి ఆ అధికారి చేతిలో పెట్టొచ్చు: "పిల్లలు ఫిర్యాదు చేయొచ్చా? అమ్మానాన్నలకి చెప్పకుండా కుదురుతుందా?" వాటికి ఆయన నోటి నుంచి జవాబు వినడం వేరు.

చివరిగా, ఆ మూడు రోజుల మౌనం. నేనడిగిన పిల్లల్లో చాలామంది చెప్పే కారణం ఒకటే: "ఫోన్ లాగేసుకుంటారు." అమ్మాయిలైతే "చదువు మాన్పిస్తారు" అని కూడా అంటారు. మూడో కార్డులో మొదటి పని అమ్మకు చెప్పడం అని రాశాం కానీ, అది పిల్లల చేతుల్లో మాత్రమే లేదు. అందుకని వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కాగితంతో పాటు వాళ్లకీ ఒక కార్డు ఇవ్వండి. "రాత్రి 7 గంటలు. మీ అబ్బాయి వంటింటి గుమ్మంలో నిలబడి 'అమ్మా, నీ ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పేశాను' అన్నాడు. మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇక్కడ రాయండి." కింద రెండు లైన్లు ఖాళీ వదలండి. రాసిచ్చాక ఆ కాగితాలు చదవకుండా, వాళ్ల చేతికే ఇచ్చి ఇంటికి తీసుకెళ్లమనండి.